దాడి ఆటలో దాడియు గతియు : నిక్షేప, ఉత్ప్లవన దశల విచారణ

మన యిండ్ల అరుగులమీద సుద్దతో గీసి, చింతగింజలతోను గవ్వలతోను ఆడు ‘దాడి’ ఆటకు నవకంకరి యనియు పేరు కలదు. కన్నడ దేశమునను యూరపు ఖండమునను ఇదే పటము వేర్వేరు పేర్లతో వ్యవహారమున నున్నది. కాస్తీల్ రాజు పదవ అల్ఫోన్సో 1283లో పూర్తి చేయించిన క్రీడాగ్రంథమున దీని వర్ణన యున్నది. ఆట పుట్టుపూర్వోత్తరములు ఈ వ్యాసమునకు విషయము కాదు. ఆడువారి నడుమ నిత్యము వచ్చు నొక వివాదమును మాత్రమే ఇచట విచారింప నెంచితిని. కాయలు పెట్టునపుడు వరుసగా మూడు చేర్చి ‘దాడి’ కట్టుటకే ప్రాధాన్యమీయవలెనా, లేక కాయలకు కదలు చోటు మిగుల్చుకొనుటకా? ఆట చివర మూడు కాయలతో ఎగురు దశలో ఈ ప్రశ్నకు సమాధానము మారునా?

నియమములను మొదట స్థిరపరచుకొందము. ఒకదానిలో నొకటిగా మూడు చతురస్రములు. వాని భుజముల మధ్యబిందువులను కలుపుచు నాలుగు అడ్డగీతలు. మొత్తము స్థానములు 24. ఒక్కొక్కరికి 9 కాయలు. ఇరువురును ఒకరి తరువాత నొకరు ఒక్కొక్క కాయను ఖాళీ స్థానమున నుంచుదురు. ఇది నిక్షేప దశ. కాయలన్నియు పెట్టిన తరువాత, గీత వెంబడి ప్రక్క ఖాళీ స్థానమునకు ఒక కాయను జరుపుట సంచార దశ. ఒక గీతపై మూడు కాయలు వరుసగా చేరినచో అది దాడి. దాడి కట్టినవాడు ఎదిరి కాయ నొకదానిని తీసివేయును. ఎదిరి దాడిలో నున్న కాయను, బయట వేరొకటి యున్నంతవరకు, తీయరాదు. కాయలు మూడే మిగిలినవాడు గీతలతో పనిలేక ఏ ఖాళీ స్థానమునకైనను ఎగురవచ్చును. దీనినే ఉత్ప్లవన దశ యందును. కొందరు ఈ ఎగురుటను అంగీకరింపరు. కావున ఆట కూర్చొనక మునుపే నిర్ణయించుకొనుట మేలు. రెండు కాయలకు దిగినవాడు గాని, కదల దారి లేనివాడు గాని ఓడినవాడు.

స్థానములను చెప్పుటకు అంకెలకన్న దిక్కులే అనుకూలములు. పటము పైభాగమును ఉత్తరమనుకొనుడు. ప్రతి చతురస్రమునకు ఎనిమిది స్థానములు గలవు. భుజముల నడుమ నున్న నాలుగును దిక్కులు, మూలల నున్న నాలుగును విదిక్కులు. చతురస్రములను వెలి, నడిమి, లోపలి యని పిలిచినచో, ‘నడిమి తూర్పు’, ‘వెలి వాయవ్యము’ అన్నంతనే స్థానము స్పష్టమగును. దిక్కులలో మాత్రమే అడ్డగీతలున్నవి. అనగా వెలి తూర్పు, నడిమి తూర్పు, లోపలి తూర్పు ఒకే గీతపై నుండును.

ఇపుడు పటమును కొంచెము లెక్కింపవలెను. దాడి కట్టదగిన గీతలు 16. మూడు చతురస్రముల భుజములు 12, అడ్డగీతలు 4. ఒక్కొక్క గీతపై మూడు స్థానములు గనుక మొత్తము 48 అగును. దానిని 24 స్థానములకు పంచిన ఒక్కొక్కదానికి రెండు వచ్చును. ఇది సరాసరి మాత్రమే కాదు, నిజముగా ప్రతి స్థానమును సరిగా రెండు గీతలపై నున్నది. విదిక్కు రెండు భుజముల కూడలి. దిక్కు ఒక భుజముపైనను ఒక అడ్డగీతపైనను నుండును. కావున దాడి కట్టు యోగ్యతలో 24 స్థానములును సమానములే. ఏ స్థానమునకును ఎక్కువ తక్కువలు లేవు.

గతి విషయమున అట్లు కాదు. విదిక్కున నున్న కాయకు రెండే దారులు. వెలి, లోపలి చతురస్రముల దిక్కులలో నున్న కాయకు మూడు. నడిమి చతురస్రపు నాలుగు దిక్కులలో నున్న కాయకు నాలుగు. విదిక్కులు 12, మూడు దారుల దిక్కులు 8, నాలుగు దారులవి 4 మాత్రమే. దాడికి అన్ని స్థానములును సమానములైనపుడు, వానిని వేరు చేయునది గతి యొక్కటే. పెట్టునపుడు ఏ స్థానము మేలనెడి ప్రశ్నకు దాడి సమాధానము చెప్పజాలదు, గతియే చెప్పవలెను. ఈ వ్యాసమున నేను స్థాపింపదలచిన పక్షమిదియే.

కొన్ని యిండ్లలో మూలలను కలుపుచు ఐమూల గీతలు కూడ గీయుట కలదు. అపుడు దాడిగీతలు 20 అగును, విదిక్కులు మూడేసి గీతలపైకి వచ్చును, నడిమి విదిక్కులకు నాలుగేసి దారులు కలుగును. ఆ పటమున ఈ లెక్క చెల్లదు, మూలలకే గౌరవము హెచ్చును. మనము ఐమూలలు లేని పటమునే చూచుచున్నాము.

పూర్వపక్షమున నున్నవారి వాదమును తేలికగా తీసివేయరాదు. మూలలో పెట్టిన కాయ రెండు భుజములకును తోడ్పడును. రెండు మూలలు పట్టినచో వాని నడుమ దాడి బెదిరింపు పుట్టును, మూడవ మూల పట్టినచో మరియొకటి, నాలుగవది పట్టినచో ఒకేమారు రెండు. ఎదిరి ఒకదానినే అడ్డగలడు గనుక రెండవది తప్పక దక్కును. నిక్షేప దశలో ఇట్లు రెండువైపుల బెదిరించుట ఉభయతఃపాశా రజ్జువు వంటిది. ఎటు తిరిగినను ఉరియే. ఎదిరి ప్రతిమారును అడ్డుపెట్టుటయే తప్ప వేరేమియు చేయనిచో ఈ వాదము సత్యమే. కాని అడ్డుపెట్టిన కాయ ఎచట నిలిచినదో, అది ఏ గీతపై తన తోటికాయను కలిసికొన్నదో ఈ వాదము పరిగణింపదు. ఒక ఆటను మొదటినుండి పెట్టి చూతము.

తెలుపు మొదట పెట్టును. తెలుపు వెలి వాయవ్యమునను, నలుపు నడిమి తూర్పునను పెట్టినారు. తెలుపు రెండవ కాయను వెలి ఈశాన్యమున పెట్టి వెలి ఉత్తరమున దాడిని బెదిరించినది. నలుపు వెలి ఉత్తరమున అడ్డుపెట్టినది. తెలుపు మూడవది వెలి ఆగ్నేయమున పెట్టినది. బెదిరింపు వెలి తూర్పునందు. నలుపు అచటనే పెట్టినది. ఇంతవరకు నలుపు వెంట తరుమబడుచున్నట్లే కనబడును. కాని వెలి తూర్పున పెట్టిన కాయ నడిమి తూర్పున నున్న తన మొదటి కాయతో అడ్డగీతపై కలిసినది. లోపలి తూర్పున పెట్టినచో నలుపునకు దాడి. అడ్డుపెట్టుట, బెదిరించుట రెండును ఒకే కాయతో జరిగినవి.

ఈ క్షణమున తెలుపు తన సంకల్పము ననుసరించి నాలుగవ మూలను, అనగా వెలి నైరృతిని పట్టవలెను. అపుడు వెలి దక్షిణమునను వెలి పడమరను రెండు బెదిరింపు లేర్పడును. కాని పట్టినచో నలుపు అడ్డుపెట్టదు, లోపలి తూర్పున దాడి కట్టి ఆ నైరృతి కాయనే తీసివేయును. కావున తెలుపు నాలుగవ కాయను లోపలి తూర్పున పెట్టక తప్పలేదు. నలుపు నడిమి ఉత్తరమున పెట్టినది. వెలి ఉత్తరము ముందే దానిది గనుక ఇపుడు లోపలి ఉత్తరము బెదిరింపు. తెలుపు ఐదవ కాయ లోపలి ఉత్తరమున అడ్డు. నలుపు ఐదవ కాయను నడిమి ఈశాన్యమున పెట్టినది. నడిమి ఉత్తరము, నడిమి తూర్పు తనవే గనుక నడిమి వాయవ్యమునను నడిమి ఆగ్నేయమునను రెండు బెదిరింపులు. తెలుపు చేయదలచిన ఉభయతఃపాశము నలుపునకు సిద్ధించినది.

గమనింపవలసినదేమన, నలుపు మూలను పట్టినది ఐదవ కాయతో మాత్రమే. అదియు రెండు దిక్కులను ముందుగా పట్టిన తరువాత వానిని కలుపుటకు. మూలలను మొదట పట్టి దిక్కులను ఎదిరికి విడుచుట తెలుపు మార్గము. దిక్కులను మొదట పట్టి మూలను చివర కలుపుట నలుపు మార్గము. మొదటి దానిలో ప్రతి అడ్డును ఎదిరికి దిక్కును దానమిచ్చును, దిక్కుతోపాటు అడ్డగీతనుకూడ నిచ్చును. రెండవ దానిలో ఎదిరి పెట్టు అడ్డులు లోపలి గూటిలోనికిని మూలలలోనికిని త్రోయబడును.

తెలుపు ఆరవ కాయతో నడిమి ఆగ్నేయమును అడ్డినది. నలుపు నడిమి వాయవ్యమున పెట్టి నడిమి చతురస్రపు ఉత్తర భుజముపై దాడి కట్టినది. ఇపుడు ఏ కాయను తీయవలెను? కొత్తవారు తమకు బెదిరింపుగా తోచిన కాయను తీయుదురు. నలుపు లోపలి తూర్పున నున్న అడ్డుకాయను తీసినది. దానితో తూర్పు అడ్డగీత మరల తెరచుకొని దాడి బెదిరింపు తిరిగి వచ్చినది. తెలుపు ఏడవ కాయను మరల అచటనే పెట్టవలసి వచ్చినది. లోపలి ఉత్తరపు కాయను తీసినను, నడిమి ఆగ్నేయపు కాయను తీసినను ఫలము సరిగా ఇదియే. తీసిన చోటనే తెలుపు మరల పెట్టవలెను. తెలుపు కాయ నొకటి పోగొట్టుకొనుటయే కాక పెట్టు వంతును కూడ పోగొట్టుకొన్నది. నిక్షేప దశలో తీయదగినది ఎదిరి అడ్డుకాయ యనుటకు ఇదియే కారణము.

అయినను నలుపు నిశ్చింతగా నుండరాదు. తెలుపు లోపలి ఉత్తరము, లోపలి తూర్పు పట్టియున్నది. లోపలి ఈశాన్యమున పెట్టినచో లోపలి వాయవ్యమునను లోపలి ఆగ్నేయమునను రెండు బెదిరింపులు పుట్టును. అందుచే నలుపు తెలుపునకు తీరిక నీయక ఏడవ కాయను నడిమి పడమర పెట్టి నడిమి నైరృతిని బెదిరించినది. తెలుపు ఎనిమిదవ కాయ నడిమి నైరృతిని అడ్డినది. నడిమి ఆగ్నేయము తనదే గనుక నడిమి దక్షిణమున తెలుపునకే ఒక బెదిరింపు పుట్టినది. నలుపు ఎనిమిదవ కాయను నడిమి దక్షిణమున పెట్టినది. నాలుగు దారులు గల నాలుగు స్థానములును దీనితో నలుపు వశమైనవి.

తెలుపునకు చేతిలో మిగిలినది తొమ్మిదవ కాయ ఒక్కటే. అది లోపలి ఈశాన్యమున పెట్టబడినది. చూపునకు రెండు బెదిరింపులు. లోపలి వాయవ్యమున నొకటి, లోపలి ఆగ్నేయమున నొకటి. కాని చేతిలో కాయ లేదు. నిక్షేప దశలో రెండు కాయలు ఒక గీతపై చేరి మూడవ చోటు ఖాళీగా నున్నచో అది బెదిరింపే, ఏలయన మూడవ కాయ చేతినుండి ఎచటికైనను దిగగలదు. సంచార దశలో ఆ ఖాళీ చోటుకు ప్రక్కనే, ఆ గీతకు బయట, తన కాయ యొకటి యుండవలెను. లోపలి వాయవ్యమునకు ప్రక్క నున్నవి లోపలి ఉత్తరము, లోపలి పడమర. ఉత్తరపు కాయ ఆ గీతలోనిదే. పడమర తెల్లకాయ లేదు. ఆగ్నేయపు వైపును ఇంతే. ఏడవ కాయగా పెట్టగలిగియున్నచో ప్రాణాంతకమయ్యెడి స్థానము తొమ్మిదవ కాయకు వచ్చునప్పటికి వట్టి రూపమే. నిక్షేప దశలోని బెదిరింపులలో పెక్కు చివరి కాయతోనే చచ్చిపోవును. ఈ సూక్ష్మమును గ్రహింపనివారు ఆటను మూడవ వంతులోనే పోగొట్టుకొందురు. తెలుపు చివరి కాయను వెలి పడమర గాని లోపలి పడమర గాని పెట్టియున్నచో ముందు చెప్పబోవు ఆపద తప్పియుండెడిది.

నలుపు తన చివరి కాయను వెలి పడమర పెట్టినది. రెండవవాడుగా పెట్టువానికి ఈ యొక లాభము కలదు. పటమంతయు నిండిన పిదప చూచి పెట్టును. కదలవలసిన మొదటి వంతు ఎదిరిది.

ఇపుడు లెక్క చూడుడు. తెల్లకాయలు 8. వెలి వాయవ్యపు కాయకు ఇరుప్రక్కల నల్లకాయలే. వెలి ఈశాన్యపు కాయకును అంతే. నడిమి ఆగ్నేయము, నడిమి నైరృతి కాయలు నలుపు దిక్కుల నడుమ చిక్కినవి. లోపలి ఈశాన్యపు కాయ తన తోటికాయల నడుమనే చిక్కినది. కదలగలవి మూడే. వెలి ఆగ్నేయపు కాయ వెలి దక్షిణమునకు, లోపలి ఉత్తరపు కాయ లోపలి వాయవ్యమునకు, లోపలి తూర్పు కాయ లోపలి ఆగ్నేయమునకు. ఎనిమిది కాయలకు మూడు నడకలు.

ఇచట నొక ఆక్షేపము రావచ్చును. నలుపునకు మాత్రము నడక లెన్ని? లెక్కింపగా నాలుగే. నడిమి దక్షిణపు కాయకు రెండు, నడిమి పడమర కాయకు ఒకటి, వెలి పడమర కాయకు ఒకటి. మూడునకు నాలుగు పెద్ద భేదమా యని యడుగవచ్చును. సంఖ్యలో కాదు. గతి యనగా ఎన్ని దారులున్నవనుట మాత్రమే కాదు, ఆ దారిన పోయినచో ఏమి విడువవలసివచ్చును, ఏమి లభించును అనుట. తెలుపు లోపలి ఉత్తరపు కాయను కదిలించినదనుకొనుడు. అది నడిమి ఉత్తరపు నల్లకాయకు కావలి కాయుచున్నది. అది తొలగినంతనే నలుపు తన దాడినుండి ఉత్తరపు కాయను లోపలి ఉత్తరమునకు దింపును. ఖాళీయైన నడిమి ఉత్తరమునకు చేరగల తెల్లకాయ ఒక్కటియు లేదు, దాని చుట్టును నల్లకాయలే. తరువాతి వంతున ఆ కాయను తిరిగి పైకి ఎక్కించి నలుపు మరల దాడి కట్టును. తెలుపు మరియొక కాయను కోల్పోవును.

మిగిలిన రెండు నడకలలో ఏది ఆడినను నలుపు నడిమి పడమర కాయను లోపలి పడమరకు జరుపును. ఇపుడు వెలి పడమర, లోపలి పడమర నలుపువి, నడిమి పడమర ఖాళీ. దానికి ప్రక్కనే నడిమి వాయవ్యపు నల్లకాయ. ఆ కాయ ఒక అడుగు పడమరకు వేసినచో అడ్డగీతపై దాడి. తిరిగి ఒక అడుగు వెనుకకు వేసినచో ఉత్తర భుజముపై దాడి. కాకి కనుగ్రుడ్డు ఒకటియే రెండు గోళములకును పనిచేయునన్న కాకాక్షిగోళక న్యాయమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము ఆటలలో నాకు కనబడలేదు. ఒక్క కాయ కదలికతో ప్రతి వంతును దాడియే, ప్రతి వంతును ఒక కాయ తీయుటయే. తెలుపునకు దీనిని ఆపు ఉపాయ మొక్కటే కలదు. నడిమి నైరృతి కాయను వెంటనే నడిమి పడమరకు జరుపవలెను. జరిపినను ఆ కాయ ఇక అచటనుండి కదలరాదు, కదలినచో ఉరి తిరిగి బిగియును. ఆట అంతటితో ముగిసినదని చెప్పను. తెలుపు ఇంకను నిలిచియుండును. అయితే కాయలలో ఒకటి తక్కువై, నడకలలో ఎదిరి చెప్పిన చోటికే పోవుచు నిలిచియుండును.

ఇరువురును దోషము లేక ఆడినచో ఈ ఆట సమమగునని 1993లో రాల్ఫ్ గాసర్ కంప్యూటరు సహాయమున నిరూపించినాడు. అందుచే పై ఆటలో తెలుపు ఓటమి మొదటి వంతుచే కలిగినది కాదు, స్థానములను ఎంచుకొన్న తీరుచే కలిగినదే.

ఇక ఉత్ప్లవన దశ. ఇచట గతి విషయమున లోకము తలక్రిందులగును. పై ఉభయదాడి యంత్రమునే తీసికొందము. నలుపునకు ఏడు కాయలు. వెలి పడమర, లోపలి పడమర, నడిమి వాయవ్యము, నడిమి ఉత్తరము, నడిమి ఈశాన్యము, వెలి ఉత్తరము, లోపలి వాయవ్యము. ఇందు నడిమి వాయవ్యపు కాయ ఇపుడే నడిమి పడమరనుండి వచ్చి దాడి కట్టినది. తెలుపునకు నాలుగు కాయలు. వెలి తూర్పు, వెలి ఆగ్నేయము, నడిమి దక్షిణము, లోపలి ఆగ్నేయము. నలుపు ఒకటి తీసినచో తెలుపునకు మూడు మిగులును, ఎగురుటకు అధికారము వచ్చును. ఖాళీ స్థానములు 14. మూడు కాయలలో ప్రతిదియు 14 చోట్లకును పోగలదు. అనగా నడకలు 42. ఎనిమిది కాయలున్నపుడు మూడు నడకలతో తికమకపడిన వ్యక్తికి మూడే కాయలతో నలుబదిరెండు నడకలు! కాయను తీయుట ఇచట ఎదిరికి గతిదానము చేయుటయే.

సంచార దశలో నలుపు యంత్రమును ఆపుటకు తెల్లకాయ నడిమి పడమరకు నడచి రావలెను. దూరమున నున్న కాయ రాలేదు. ఇపుడు ఏ మూలనుండియైనను ఒక్క వంతున వచ్చి కూర్చొనును. కాకాక్షి వలె తిరుగుచుండిన యంత్రము ఒక్క కాయతో ఆగిపోవును. కావున నాలుగవ కాయను తీయు ముందు నలుపు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న ‘నాకు దాడి యున్నదా’ అనునది కాదు. ‘తీసిన పిదప తరువాతి వంతున కట్టగల దాడులు రెండున్నవా’ అనునది. ఎగురువాడు ఎంత స్వేచ్ఛ గలవాడైనను వంతునకు ఒక కాయనే కదపగలడు. ఒక దాడిని అడ్డగలడు, రెంటిని అడ్డలేడు.

పై స్థితిలో రెండవ దాడి యున్నది. వెలి ఉత్తరము, నడిమి ఉత్తరము నలుపువి. లోపలి ఉత్తరము ఖాళీ. దాని ప్రక్క లోపలి వాయవ్యమున నల్లకాయ సిద్ధముగా నున్నది. తెలుపు నడిమి పడమర అడ్డినచో నలుపు లోపలి వాయవ్యపు కాయను లోపలి ఉత్తరమునకు జరిపి దాడి కట్టును. లోపలి ఉత్తరమును అడ్డినచో పడమర అడ్డగీతపై దాడి కట్టును. ఎటైనను తెలుపునకు రెండు కాయలే మిగిలి ఆట ముగియును. లోపలి వాయవ్యమున ఆ కాయ లేక వేరెచటనో యున్నచో, నలుపు ఆ వంతున యంత్రమును త్రిప్పి నాలుగవ కాయను తీయుట తొందరపాటే. ముందు ఆ కాయను లోపలి వాయవ్యమునకు నడపి, తరువాత తీయవలెను. ఎదిరికి నాలుగు కాయలున్నంతకాలము వాడు గీతలకు కట్టువడియే యుండును. ఆ కట్టును ఉపయోగించుకొనవలెనే కాని త్రెంపివేయుటకు త్వరపడరాదు. అయితే నలుపు ఆ కాయను నడపు వంతులలో తెలుపు ఊరకుండదని మరువరాదు. వెలి తూర్పు, వెలి ఆగ్నేయము రెండును తెలుపువే. వెలి ఈశాన్యము ఖాళీ. కాని సంచార దశలో ఆ ఖాళీకి ప్రక్క నున్నవి వెలి ఉత్తరపు నల్లకాయయు, ఆ గీతలోనిదే యగు వెలి తూర్పు కాయయు. ఆ దారిన తెలుపునకు దాడి రాదు గనుక నలుపునకు వ్యవధి కలదు.

అదే జంట ఉత్ప్లవన దశలో ప్రమాదకరము. నలుపునకు ఒక్క యంత్రమే యుండి, తీయుటకు నడిమి దక్షిణపు కాయను ఎంచుకొన్నదనుకొనుడు. మిగిలిన మూడు వెలి తూర్పు, వెలి ఆగ్నేయము, లోపలి ఆగ్నేయము. తెలుపు నడిమి పడమరను అడ్డుటకు పోనే పోదు. లోపలి ఆగ్నేయపు కాయను ఎగురవేసి వెలి ఈశాన్యమున దింపి దాడి కట్టును. వెలి పడమర నల్లకాయను తీయును. యంత్రము అక్కడితో విరిగినది. నలుపు వెలి తూర్పు కాయను గాని వెలి ఆగ్నేయపు కాయను గాని తీసియున్నచో మిగిలిన మూటిలో ఏ రెండును ఒకే గీతపై నుండవు. తెలుపునకు ఎగురుటకు నలుబదిరెండు దారులున్నను ఒక్క వంతున దాడి కట్టు దారి యొక్కటియు నుండదు. తీయు కాయ విషయమున నిక్షేప దశలో ‘అడ్డుకాయను తీయుము’ అని చెప్పితిమి, ఇచట ‘జంటను విడగొట్టుము’ అని చెప్పవలెను.

మూడు కాయలవానికి తగిన నడవడి దీనినుండియే తెలియును. తన కాయలలో రెండింటిని ఎప్పుడును ఒకే గీతపై, మూడవ చోటు ఖాళీగా నుండునట్లు ఉంచుకొనవలెను. అపుడు ఎదిరి ప్రతి వంతును ఆ ఖాళీని పూడ్చుటకే వ్యయపరచును, తన రెండవ దాడిని సిద్ధపరచుకొన లేడు. పూడ్చుటకై ఎదిరి కదపిన కాయ తరచుగా వాని సిద్ధమైన దాడినుండియే రావలసి యుండును. ఎదిరికి కాయలు తగ్గిన కొలది ఇది మరింత నిజము. ఇరువురికిని మూడేసి కాయలే మిగిలినచో అడ్డు లేని జంట యున్నవాడు తన వంతు వచ్చినంతనే గెలుచును, ఏలయన ఒక్క కాయ పోయిన ఎదిరికి రెండే మిగులును. అందుచే మూడేసి కాయలకు దిగు ముందు వంతు ఎవరిదో లెక్కించుట అవసరము. తనవి నాలుగును ఎదిరివి మూడును ఉన్నపుడు తన కాయ నొకదానిని ఎదిరి తీసినను, తరువాతి వంతు తనదై, తన మూటిలో అడ్డు లేని జంట యొకటి మిగిలియున్నచో ఆ నష్టమే గెలుపగును. ఎదిరి ఆ జంటలోని కాయనే తీసినచో ఆ గెలుపు చేజారును.